ఈఎంఐ ఒకటి, బిల్లులో అంకె ఇంకొకటి

క్రెడిట్ కార్డు మీద ఫ్రిజ్ కొని వాయిదాల్లోకి మార్చుకున్నవాళ్లు మొదటి బిల్లు చూసి తికమకపడటం మామూలే. మెసేజ్‌లో చెప్పిన ఈఎంఐ కంటే బిల్లులో ఎక్కువే ఉంటుంది. బ్యాంకు లెక్క తప్పిందేమో అనిపిస్తుంది. చాలాసార్లు తప్పు ఉండదు. ఈఎంఐ అంటే అసలు, వడ్డీ మాత్రమే. వడ్డీ మీద జీఎస్టీ విడిగా పడుతుంది.

ఒక లెక్క చూద్దాం. 60,000 రూపాయల ఫ్రిజ్, ఏడాదికి 15 శాతం వడ్డీ, 12 వాయిదాలు. ఈఎంఐ దాదాపు 5,415. మొదటి నెల వడ్డీ మొత్తం 60,000 మీద లెక్కిస్తారు కాబట్టి 750 రూపాయలు వడ్డీకే పోతుంది, మిగతాది అసలుకు జమవుతుంది. ఆ 750 మీద 18 శాతం జీఎస్టీ 135. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే దానిమీద పన్ను మరో 36. వెరసి మొదటి బిల్లులో ఈ ఫ్రిజ్ పేరున 5,785 కనిపిస్తుంది. రెండో నెల ఫీజు ఉండదు. అసలు తగ్గేకొద్దీ వడ్డీ, దాంతోపాటు పన్నూ తగ్గుతూ వస్తాయి. చివరి నెల పన్ను 12 రూపాయలే. ఈఎంఐ మారకపోయినా నెలనెలా కట్టేది మారేది ఇందుకే. ఏడాది తిరిగేసరికి వడ్డీ 4,986, దానిమీద పన్ను 897, పన్నుతో కలిపి ఫీజు 235. ఫ్రిజ్ ధర మీద 6,100 పైచిలుకు అదనంగా కట్టినట్టు.

మామూలు అప్పుల వడ్డీకి జీఎస్టీ మినహాయింపు ఉంది. క్రెడిట్ కార్డు వడ్డీకి లేదు. అంటే ఇక్కడ 15 శాతం నిజానికి 17.7 శాతం. పర్సనల్ లోన్‌తో పోల్చేవాళ్లు ఈ అంకెతోనే పోల్చాలి.

‘నో కాస్ట్’ అన్నచోట కూడా వడ్డీ ఉంటుంది. అదే ఫ్రిజ్‌కు నెలకు 5,000 చొప్పున 12 నెలలు అంటారు. వడ్డీకి సరిపడా సుమారు 4,600 ముందే డిస్కౌంట్‌గా తగ్గించి, మిగిలినదాన్ని అప్పుగా రాస్తారు. కానీ ఆ వడ్డీ మీద పన్ను, 830 దాకా, మనమే కట్టాలి. ఫీజు ఉంటే అదీ మనదే. అసలు, వడ్డీ, డిస్కౌంట్ ఎంతెంతో మార్చకముందే చెప్పాలనీ, బిల్లులో విడివిడిగా చూపాలనీ, వడ్డీ ఉన్నదాన్ని వడ్డీ లేనిదిగా చూపకూడదనీ రిజర్వ్ బ్యాంకు ఆదేశాల్లో ఉంది.

వస్తువు వెనక్కి ఇచ్చినప్పుడు మరింత జాగ్రత్త. దుకాణం డబ్బు తిరిగి వేసినంత మాత్రాన వాయిదాలు ఆగకపోవచ్చు. బ్యాంకుకు చెప్పి ఈఎంఐ రద్దు చేయించుకోండి, తర్వాతి బిల్లులో ఆ పద్దు పోయిందో లేదో చూసుకోండి.