మిగిలిన సెలవుల ఖరీదెంత?

హైదరాబాద్‌లో ఒక ఉద్యోగి నెల జీతం 80,000 రూపాయలు అనుకుందాం. రాజీనామా నాటికి ఖాతాలో 24 ఆర్జిత సెలవులు మిగిలాయి. రోజుకు సుమారు 2,667 చొప్పున 64,000 వస్తుందని లెక్కేసుకున్నాడు. చివరి సెటిల్‌మెంట్‌లో కనిపించింది 25,600.

మోసమేమీ లేదు. చాలా ప్రైవేటు కంపెనీలు సెలవుకు విలువ కట్టేది మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీద. డీఏ ఉంటే అదీ కలుపుతాయి. ఇతని బేసిక్ 32,000. దాన్ని 30తో భాగించి 24తో గుణిస్తే ఆ 25,600 వస్తుంది. కొన్ని సంస్థలు ఆదివారాలు తీసేసి 26తో భాగిస్తాయి. అప్పుడు అవే సెలవులకు సుమారు 29,538. కాబట్టి రాజీనామా లేఖ ఇచ్చేముందే హెచ్ఆర్ పాలసీలో ఆ భాగహారం చూసుకోవాలి. ఎన్ని రోజుల దాకా డబ్బిస్తారో కూడా అక్కడే ఉంటుంది. క్యాజువల్, సిక్ లీవులకు సాధారణంగా పైసా రాదు.

పన్ను మాటకొస్తే, ఉద్యోగం మానేటప్పుడు వచ్చే ఈ సొమ్ముకు ప్రైవేటు ఉద్యోగులకు మినహాయింపు ఉంది. గరిష్ఠ పరిమితిని 2023లో 3 లక్షల నుంచి 25 లక్షలకు పెంచారు. అది జీవితకాలానికి, కంపెనీకొకటి కాదు. ఉద్యోగంలో ఉండగానే సెలవులు అమ్ముకుంటే మాత్రం మొత్తం మీదా పన్ను పడుతుంది.