బడికి సైకిలా, స్కూటరా?

పదో తరగతికి రాగానే చాలా ఇళ్లలో ఒకటే పేచీ. బడి నాలుగు కిలోమీటర్లు. స్కూటీ ఇంట్లో ఊరికే ఉంటోంది. "సైకిల్ తొక్కి తొక్కి అలసిపోతున్నా నాన్నా, బండి ఇవ్వొచ్చుగా" అంటాడు అబ్బాయి.

ముందు సమయం సంగతి. చదునైన రోడ్డు మీద పదిహేనేళ్ల పిల్లలు గంటకు 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో తొక్కగలరు. అంటే బడికి 16 నుంచి 20 నిమిషాలు. ఊళ్లో మలుపులు, సిగ్నళ్లు దాటుకుంటూ వెళ్లే స్కూటర్‌కు పది నిమిషాలు పడుతుంది. మిగిలేది మహా అయితే పది నిమిషాలు. ఏడాదికి 220 బడిరోజులనుకుంటే, రానూపోనూ 1,760 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి ఒక్క పెట్రోలే నాలుగు వేల రూపాయలు దాటుతుంది.

అసలు చిక్కు చట్టంతో. మోటారు వాహనాల చట్టం ప్రకారం 16 ఏళ్లు నిండినవారు 50 సీసీ మించని బండి మాత్రమే నడపాలి, అదీ లైసెన్సుతో. ఇళ్లలో ఉన్న స్కూటర్లు దాదాపు అన్నీ ఆ హద్దు దాటినవే. వాటికి 18 నిండాలి. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షన్ కింద, మైనరు బండి నడిపి నేరానికి పాల్పడితే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ బాధితులకు చెల్లించిన సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవచ్చు.

మరి లైసెన్సు అక్కర్లేని ఎలక్ట్రిక్ స్కూటరో? మోటారు 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించకూడదు. "చిన్న వైరు తీసేస్తే 45 దాకా పోతుంది" అని ఎవరైనా అంటే, ఆ పని చేసిన మరుక్షణం అది లైసెన్సు, రిజిస్ట్రేషన్ కావలసిన బండి అయిపోతుంది.

ఇక అబ్బాయి చెప్పే అలసట. చాలాసార్లు తప్పు సైకిల్‌ది కాదు, సీటుది. పిల్లలు ఎదుగుతున్నా సీటు పాత ఎత్తులోనే ఉండిపోతుంది; మోకాళ్లు నొప్పి పుడతాయి. పెడల్ పూర్తిగా కింద ఉన్నప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. రాకపోతే సీటు పైకి లేపాలి. గాలి తగ్గిన టైరు కూడా అంతే బరువనిపిస్తుంది. పుస్తకాల సంచిని వీపుకు కాకుండా క్యారియర్‌కు కట్టాలి, వెనక రిఫ్లెక్టర్ ఉండాలి.

దారిలో లారీలు తిరిగే హైవే ఉంటే ముందు లోపలి వీధుల దారి వెతకాలి. అది దొరకనప్పుడు సైకిల్‌నీ స్కూటర్‌నీ పక్కనపెట్టి, బస్సు పాసు తీయించాలి.