ఎక్సెల్‌కు మొదటి ఊహ మనమే ఇస్తే

నెలకు 5,000 రూపాయల చొప్పున 20 ఏళ్లు సిప్ కట్టారు. చివర్లో చేతికి 50 లక్షలు వచ్చాయి. రాబడి ఎంతో చూద్దామని ఎక్సెల్‌లో A1 నుంచి A240 దాకా నెలనెలా కట్టిన సొమ్మును మైనస్ 5000గా, A241లో వచ్చిన 50 లక్షలను ప్లస్‌గా వేశారు. కింద `=IRR(A1:A241)` అని కొట్టారు. శాతం రావాల్సిన చోట `#NUM!` అని పడవచ్చు. అంకెలన్నీ సరిగానే ఉన్నా ఇలా జరుగుతుంది.

గడిలో `####` కనబడితే అది వేరే సంగతి. అంకె పొడవుగా ఉండి కాలమ్‌లో పట్టలేదంతే, కాలమ్ వెడల్పు చేస్తే సరిపోతుంది. `#NUM!` మాత్రం లెక్కే తెగలేదని చెబుతోంది.

రాబడి రేటుకు నేరుగా జవాబిచ్చే సూత్రం లేదు. ఎక్సెల్ ఒక రేటు అనుకుంటుంది, ఆ రేటుతో కట్టినవీ వచ్చినవీ నేటి విలువలోకి మార్చి తేడా చూస్తుంది, రేటు సవరించి మళ్లీ చూస్తుంది. 20 ప్రయత్నాల్లో తేడా సున్నాకు చేరకపోతే `#NUM!` ఇచ్చి ఆగిపోతుంది. `RATE` ఫంక్షన్‌ది కూడా ఇదే పద్ధతి. మనం ఏమీ చెప్పకపోతే రెండూ 10 శాతం దగ్గరే మొదలుపెడతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ 10 శాతం ఏడాదికి కాదు, ఒక్కో వరుసకు. మన వరుస అంటే నెల. నెలకు 10 శాతమంటే డబ్బు ఏడాదిలో మూడింతలు దాటుతుంది. ఆ లెక్కన 240 నెలల తర్వాత వచ్చే 50 లక్షల నేటి విలువ పైసాలో పదో వంతు కూడా ఉండదు. అంటే మొదటి ప్రయత్నంలో వచ్చిన సొమ్ము లెక్కలోంచి మాయమై, కట్టిన సొమ్మే మిగులుతుంది. తేడా తగ్గాలంటే రేటు ఇంకా పెంచాలన్నట్టు కనిపిస్తుంది. న్యూటన్ పద్ధతిలో చేతితో లెక్కేసి చూడండి: 10 తర్వాత 21, ఆపైన 46, ఆపైన 114 శాతం. అసలు జవాబు ఉన్నది కింద, వెతుకులాట పోతున్నది పైకి.

కాబట్టి మొదటి ఊహ మనం ఇవ్వాలి. దానికి నేను వాడే పద్ధతి ఇది. మొత్తం కట్టింది 12 లక్షలు, వచ్చింది 50 లక్షలు. మొదటి వాయిదా 240 నెలలు ఉంది, చివరిది ఒక్క నెలే ఉంది. సగటున 120 నెలలు అనుకుందాం.

```
=(5000000/1200000)^(1/120)-1
```

దాదాపు 0.012, అంటే నెలకు 1.2 శాతం వస్తుంది. ఇది ఉజ్జాయింపే, కానీ జవాబు దరిదాపుల్లో ఉంది. దీన్ని ఫంక్షన్‌కు ఇవ్వండి:

```
=IRR(A1:A241,0.012)
=RATE(240,-5000,0,5000000,1,0.012)
```

రెండూ నెలకు దాదాపు 1 శాతం చెబుతాయి. `RATE`లో ఊహకు ముందున్న 1, వాయిదా నెల మొదట్లో కట్టామని చెప్పడానికి.

ఊహ ఎక్కడుండాలో తోచకపోతే నాలుగైదు రేట్లు వేసి తేడా స్వయంగా చూడవచ్చు. C1లో రేటు వేసి పక్కన ఇలా రాయండి:

```
=A1+NPV(C1,A2:A241)
```

0.5 శాతం దగ్గర సుమారు 8 లక్షలు ప్లస్, 2 శాతం దగ్గర సుమారు 2 లక్షల 10 వేలు మైనస్ వస్తుంది. ప్లస్ మైనస్‌గా మారిందంటే జవాబు ఆ మధ్యలోనే ఉన్నట్టు. అక్కడి రేటేదైనా మంచి ఊహే. అయితే కొంత కట్టి, కొంత తీసి, మళ్లీ భారీగా కట్టిన ఖాతాల్లో గుర్తు ఒకటికి మించి చోట్ల మారవచ్చు. అప్పుడు ఊహను బట్టి జవాబు మారుతుంది, ఒక్క రేటును నమ్ముకోవడం కుదరదు.

ఏ ఊహ ఇచ్చినా `#NUM!` పోకపోతే తప్పు అంకెల్లో వెతకాలి. కట్టినదీ వచ్చినదీ రెండూ ప్లస్‌లో వేస్తే జవాబే ఉండదు. అప్పు లెక్కలో `=RATE(24,5166.67,100000)` అని రాసేవారు ఇక్కడే దెబ్బతింటారు. కిస్తీ ముందు మైనస్ పెడితే నెలకు సుమారు 1.8 శాతం వస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్ నుంచి అతికించిన అంకెలు అక్షరాలుగా ఉండిపోవడం మరో కారణం. గడిలో ఎడమవైపుకు అతుక్కున్న అంకెలను అనుమానించండి. వాటిని `IRR` అసలు లెక్కలోకే తీసుకోదు.

జవాబు వచ్చాక కూడా అది నెల రేటన్నది మరవకూడదు. నెలకు 1 శాతం ఏడాదికి 12 కాదు, చక్రవడ్డీతో 12.68 శాతం. `XIRR` వాడితే తేదీలు ఇస్తాం కాబట్టి అది నేరుగా ఏడాది రేటే చెబుతుంది. అక్కడ ఇచ్చే ఊహ కూడా ఏడాదిదే అయి ఉండాలి: 0.012 కాదు, 0.12.