నర్సరీ డబ్బాలో పల్లీలు ఎందుకు వద్దంటారు?

“మన క్లాసులో ఒక బాబుకి పల్లీల అలర్జీ ఉంది. దయచేసి పల్లీలు గానీ, పల్లీలు కలిసిన చిరుతిళ్లు గానీ డబ్బాలో పెట్టకండి.” నర్సరీ నుంచి ఇలాంటి చీటీ వచ్చిన రోజు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. “మేమంతా పల్లీలు తిని పెరిగినవాళ్లమే, ఎవరికేమైంది?” అని నాయనమ్మ అంటుంది. “పొద్దున్నే ఇడ్లీలోకి పల్లీ చట్నీ కాక ఇంకేం చేయను?” అని అమ్మ అంటుంది. రెండూ సబబైన ప్రశ్నలే. మన దేశంలో పల్లీల అలర్జీ ఇంగ్లండ్, అమెరికాల్లో ఉన్నంతగా లేదు. అందుకే చాలామంది పెద్దలకు అలాంటి పిల్లవాడు ఎదురై ఉండడు. కానీ ఆ క్లాసులో అలాంటివాడు ఒకడున్నాడు. చీటీ రాసింది వాడి కోసం.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. పాలు తాగితే కడుపు ఉబ్బరించడం, నూనె పదార్థాలు తింటే అరగకపోవడం అలర్జీ కాదు. అలర్జీలో గొడవంతా రోగనిరోధక వ్యవస్థది. పల్లీలోని ప్రోటీన్‌ను అది శత్రువుగా పొరబడి, దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలను తయారుచేసి పెట్టుకుంటుంది. మళ్లీ ఆ ప్రోటీన్ నోట్లోకి వెళ్లగానే శరీరంలో హిస్టమిన్ లాంటి రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. చాలాసార్లు ఇది కొన్ని నిమిషాల్లోనే మొదలవుతుంది, రెండు గంటలు దాటడం అరుదు. పెదవులు వాస్తాయి, ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, వాంతి అవుతుంది. అక్కడితో ఆగితే ఫరవాలేదు. కొందరిలో గొంతు పూసుకుపోతుంది, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపిస్తాయి, రక్తపోటు పడిపోయి బిడ్డ వాలిపోతుంది. దీన్నే డాక్టర్లు అనాఫిలాక్సిస్ అంటారు. పోయినసారి దద్దుర్లతో సరిపోయింది కాబట్టి ఈసారీ అంతేనని ఎవరూ భరోసా ఇవ్వలేరు.

ఎంత తింటే ప్రమాదం? ఒక పల్లీ గింజలో దాదాపు పావు గ్రాము ప్రోటీన్ ఉంటుంది. పల్లీ అలర్జీ ఉన్న పిల్లలకు ఆసుపత్రిలో, డాక్టర్ల కళ్లముందే, ఒకటిన్నర మిల్లీగ్రాముల పల్లీ ప్రోటీన్ ఇచ్చి చూసిన పరిశోధన ఒకటుంది. అది ఒక గింజలో నూట యాభయ్యో వంతు కంటే తక్కువే. ఎక్కువమందికి ఏమీ కాలేదు గానీ, నూటికి ఇద్దరికి అంత రవ్వంతకే లక్షణాలు కనిపించాయి. వేలికి అంటిన చట్నీలో అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు నర్సరీ గదిలోకి వెళ్దాం. పదిన్నరకు చిరుతిండి సమయం. ఒక పాప డబ్బాలో ఇడ్లీ, పల్లీ చట్నీ ఉన్నాయి. మూడేళ్ల పిల్ల కాబట్టి చట్నీ సగం నోట్లోకి, సగం వేళ్లకి. టీచర్ సీసాలోంచి శానిటైజర్ రెండు చుక్కలు చేతిలో వేసి రుద్దించింది. పాప వెళ్లి ప్లాస్టిక్ ఇటుకలతో ఆడుకుంది. పది నిమిషాల తర్వాత ఆ ఇటుకల్లో ఒకటి అలర్జీ ఉన్న బాబు చేతికొచ్చింది. వాడు దాన్ని నోట్లో పెట్టుకుని కొరికాడు. మూడేళ్ల పిల్లలు చేసే పనే అది. ఇక్కడ ఎవరూ ఎవరికీ పల్లీలు తినిపించలేదు. డబ్బాలో తిండి పంచుకోవడం కూడా జరగలేదు.

ఈ కథలో పొరపాటు శానిటైజర్ దగ్గర జరిగింది. అది క్రిములను చంపుతుంది గానీ, పల్లీ ప్రోటీన్‌ను చేతి మీద నుంచి తొలగించదు, అటూ ఇటూ పులుముతుంది అంతే. పల్లీ వెన్న పూసిన చేతులను రకరకాలుగా శుభ్రం చేసి పరీక్షించినప్పుడు సబ్బు, తడి వైప్స్ వాడితే ప్రోటీన్ పోయింది, శానిటైజర్ జెల్ వాడితే మిగిలిపోయింది. ఉత్త నీళ్లు కూడా అందరికీ సరిపోలేదు. అందుకే టీచర్ గేటు దగ్గరే పిల్లల చేతులు సబ్బుతో కడిగిస్తుంటే, ఆలస్యమవుతోందని విసుక్కోకండి.

భయం హద్దు దాటకూడదు కూడా. పక్క బల్ల మీద పల్లీల వాసన వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్న బాబుకి అనాఫిలాక్సిస్ రాదు. వాసనలో ప్రోటీన్ ఉండదు. చర్మానికి తగిలితే ఎక్కువగా తగిలినచోట ఎర్రబడి దురద పెడుతుంది, కడిగితే తగ్గుతుంది. అసలు ప్రమాదం నోటి దారిలోనే ఉంది. కాబట్టి ఆ బాబును మూలన ఒంటరిగా కూర్చోబెట్టక్కర్లేదు, మీ పాప వాడి పక్కన కూర్చోవడానికి జంకక్కర్లేదు.

అలాంటప్పుడు నిషేధం దేనికి? పెద్ద పిల్లల బడుల్లో దీని మీద నిజంగానే చర్చ ఉంది. బడి మొత్తంలో పల్లీలు నిషేధించినంత మాత్రాన ప్రమాదాలు తగ్గాయని రుజువు కాలేదు. 2021లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మూకుమ్మడి నిషేధం కంటే సిబ్బందికి శిక్షణ, మందు అందుబాటులో ఉంచడం ముఖ్యమన్నాయి. నా ఉద్దేశంలో నర్సరీ సంగతి వేరు. పదేళ్ల పిల్లవాడు “నాకు పల్లీలు పడవు” అని చెప్పి చెయ్యి వెనక్కి తీసుకోగలడు. మూడేళ్లవాడు చెప్పలేడు, గొంతులో దురదగా ఉందన్న మాట కూడా చెప్పడం రాదు, ఊరికే ఏడుస్తాడు. పైగా ఆ వయసులో చేయీ నోరూ ఒకటే. ఒక్క గదికి, ఒక్క ఏడాదికి పెట్టే ఈ నియమం భరించలేనంత బరువు కాదు.

నియమం ఒప్పుకున్నాక అసలు కష్టం వంటింట్లో మొదలవుతుంది. పల్లీ పట్టీ, పల్లీ ఉండ పెట్టకూడదని అందరికీ తెలుసు. పులిహోరలో గుళ్లు కనిపిస్తాయి, ఏరి పెట్టామనుకుంటారు. ఏరితే చాలదు, పొట్టు, పొడి అన్నానికి అంటుకునే ఉంటాయి. కనిపించనివి ఇంకా ఉన్నాయి. గుత్తివంకాయ మసాలాలో, కూరల్లో చల్లే పొడిలో, బేకరీ బిస్కెట్లలో, దుకాణంలో విడిగా తూచి ఇచ్చే మిక్చర్లో పల్లీ ఉండొచ్చు. వేరుశనగ నూనె విషయంలో ఒక తేడా గమనించాలి. బాగా రిఫైన్ చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు. గానుగ నూనెలో మిగులుతుంది. ఆరోగ్యానికి మంచిదని గానుగ నూనెకు మారిన ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మీది అలాంటి ఇల్లయితే ఆ నూనెలో వేసిన మురుకులు కూడా ఈ క్లాసుకు పంపకూడదు.

ప్యాకెట్ తిండికి చట్టం కొంత సాయపడుతుంది. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం పాలు, గుడ్లు, చేపలు, గోధుమ, సోయా, పల్లీలు, జీడిపప్పు లాంటి గింజలు కలిస్తే ఆ మాట ప్యాకెట్ మీద విడిగా రాయాలి. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒకే యంత్రం మీద పల్లీలూ తయారవుతుంటే “ఉండవచ్చు” అని హెచ్చరిక కూడా కొన్నింటి మీద కనిపిస్తుంది. ఈ క్లాసుకు ఆ ప్యాకెట్ కూడా వద్దు. నువ్వులు మాత్రం ఆ తప్పనిసరి జాబితాలో లేవు. మీ క్లాసు చీటీలో నువ్వులు కూడా ఉంటే హెచ్చరిక గడిని నమ్ముకోకుండా పదార్థాల జాబితా మొత్తం చదవాలి. ఇడ్లీ కారప్పొడిలో నువ్వులు పడ్డాయో లేదో గుర్తుచేసుకోవాలి. అమ్మమ్మ పంపిన పొడి అయితే ఫోన్ చేసి అడగడమే మేలు.

ఏ క్లాసు చీటీ ఆ క్లాసుదే. ఒకచోట పల్లీలు, ఇంకోచోట గుడ్డు, మరోచోట జీడిపప్పు. జీడిపప్పు పడని పిల్లలకు చాలాసార్లు పిస్తా కూడా పడదు, రెండూ ఒకే కుటుంబం చెట్ల గింజలు. అందుకే చీటీలో ఆ రెండూ జంటగా కనిపిస్తాయి. పుట్టినరోజు కేకులతో ఇలాంటి చిక్కులు ఎక్కువ, కాబట్టి కేకు కొనేముందే టీచర్‌ని అడగండి.

ఈ చీటీ చూసి ఇంట్లో పల్లీలు మానేయాలని మాత్రం అనుకోవద్దు. ఒకప్పుడు పసిపిల్లలకు పల్లీలు దూరంగా ఉంచితే అలర్జీ రాదని డాక్టర్లే చెప్పేవారు. లండన్‌లో గిడియన్ లాక్ బృందం అలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసివాళ్లను తీసుకుని, సగం మందికి చిన్నప్పటి నుంచే పల్లీ ఆహారం పెట్టించింది, సగం మందికి అసలు పెట్టనివ్వలేదు. 2015లో ఫలితాలు వచ్చాయి. ఐదేళ్ల వయసుకు పల్లీలు మానిపించిన గుంపులో నూటికి 17 మందికి అలర్జీ ఉంది, తినిపించిన గుంపులో నూటికి ముగ్గురికే. అంటే మీ చంటిబిడ్డకు పల్లీలు పడుతుంటే తినిపిస్తూ ఉండటమే మంచిది. గింజ గొంతుకు అడ్డం పడుతుంది కాబట్టి మెత్తగా నూరి పెట్టాలి. నర్సరీ పాపకు సాయంత్రం పల్లీ చట్నీ పెట్టండి. పొద్దున తినిపిస్తే చేతులూ మూతీ సబ్బుతో కడిగి పంపండి.

చివరిగా, అంత జాగ్రత్త పడ్డాక కూడా జరిగితే? అలర్జీ ఉన్న పిల్లల అమ్మానాన్నలు ఈ భాగం టీచర్‌తో కలిసి చదవాలి. దద్దుర్లకు వేసే సిరప్ దురదను తగ్గిస్తుంది, మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. దగ్గు ఆగకపోయినా, పిల్లికూతలు వినిపించినా, గొంతు బొంగురుపోయినా, బిడ్డ నీరసించి వాలిపోయినా ఇవ్వాల్సిన మందు అడ్రినలిన్. తొడ బయటివైపు కండలోకి ఇస్తారు. పదిహేను కిలోల బిడ్డకు 0.15 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ నుంచి 0.15 మిల్లీలీటర్లు. విదేశాల్లో నొక్కితే చాలు సూది దిగే పెన్నులు వాడతారు. మన దగ్గర అవి తేలిగ్గా దొరకవు కాబట్టి ఆంప్యూల్, ఒక మిల్లీలీటరు సిరంజి ఎలా వాడాలో డాక్టరే చేసి చూపించాలి, డోసు కాగితం మీద రాసివ్వాలి. మందు ఇచ్చాక బిడ్డను పడుకోబెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి. ఎత్తుకుని పరుగెత్తకూడదు, నడిపించకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. తేరుకున్నట్టే కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు.

రేపు డబ్బా సర్దేటప్పుడు ఏ పదార్థం మీదైనా సందేహం వస్తే అది ఇంట్లోనే ఉంచి, ఒక అరటిపండు పెట్టండి. ఆ సందేహాన్ని టీచర్‌కి చెప్పండి.