గండభేరుండానికి వేసిన సున్నా

"గండభేరుండాలన్నీ పక్షులే. గండభేరుండాలన్నీ ఏనుగుల్ని ఎత్తుకుపోతాయి. కాబట్టి కొన్ని పక్షులు ఏనుగుల్ని ఎత్తుకుపోతాయి." ఈ తర్కం చెల్లుతుందా అని పరీక్షలో అడిగారనుకుందాం. విద్యార్థి చెల్లుతుందని రాశాడు, ప్రొఫెసర్ సున్నా వేశారు. పద వ్యాప్తి నియమాలను ఆధారం చేసుకుని ఆ విద్యార్థి మార్కు కోసం ఉత్తరం రాస్తే, అందులో నిలబడేదెంత?

రెండు ఆధార వాక్యాల నుంచి ఒక ముగింపు తీసే ఇలాంటి వాదాన్ని సిలాజిజం అంటారు. ఆధార వాక్యాలు రెండింటిలోనూ ఉండి, ముగింపులో కనబడకుండా పోయేది మధ్యపదం. ఇక్కడది గండభేరుండం. ఒక వాక్యం ఏదైనా వర్గంలోని ప్రతి ఒక్కదాని గురించీ చెబితే, ఆ వర్గాన్ని సూచించే పదం ఆ వాక్యంలో వ్యాప్తమైనట్టు. "కాకులన్నీ నల్లనివి" అన్నప్పుడు కాకులన్నిటి గురించీ చెప్పినట్టే, నల్లని వస్తువులన్నిటి గురించీ కాదు. అందుకని కాకి వ్యాప్తం, నలుపు కాదు. "కొన్ని కాకులు నల్లనివి" అంటే రెండూ వ్యాప్తం కావు. (మన న్యాయశాస్త్రంలో పొగకూ నిప్పుకూ ఉండే వ్యాప్తి వేరు. పేరొక్కటే గాని సంగతి ఒకటి కాదు.)

ఉత్తరంలోని వాదన ఈ వరసలో సాగుతుంది. మధ్యపదం కనీసం ఒక్కసారైనా వ్యాప్తం కావాలన్నది మొదటి నియమం. గండభేరుండం రెండు వాక్యాల్లోనూ వ్యాప్తమే. ఆధారంలో వ్యాప్తం కాని పదం ముగింపులో వ్యాప్తం కాకూడదన్నది రెండోది. ముగింపు "కొన్ని" అని మొదలైంది, అందులో వ్యాప్తమైన పదమే లేదు. వ్యతిరేక వాక్యం ఒక్కటీ లేదు గనుక వాటి నియమాలతో పనిలేదు. అన్ని నియమాలూ నెగ్గాయి, కాబట్టి వాదం చెల్లుతుంది.

ఈ లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు. పైగా ఈ రూపాన్ని మధ్యయుగపు యూరప్ పండితులు డరాప్టి అని పేరు పెట్టి, చెల్లే వాదాల పట్టికలో చేర్చారు. మరి సున్నా ఎందుకు? ఏనుగుని ఎత్తుకుపోయే పక్షి ఎక్కడా లేదు గనుక ముగింపు అబద్ధం. ఆధార వాక్యాలు నిజమై ముగింపు అబద్ధమైతే వాదం చెల్లనట్టే. అప్పుడు లేని గండభేరుండాల గురించి చెప్పిన ఆధార వాక్యాలు నిజమా అన్నదే ప్రశ్న.

19వ శతాబ్దిలో జార్జ్ బూల్, జాన్ వెన్‌ల నుంచి స్థిరపడిన పద్ధతి ప్రకారం నిజమే. ఈ పద్ధతిలో "గండభేరుండాలన్నీ పక్షులే" అంటే పక్షి కాని గండభేరుండం లేదని మాత్రమే అర్థం. గండభేరుండమే లేనప్పుడు పక్షి కానిది ఎక్కణ్నుంచి వస్తుంది? వెన్ గీసిన వలయాల బొమ్మలో దీన్ని కళ్లతో చూడవచ్చు. "అన్నీ" అనే వాక్యం ఖాళీ భాగాన్ని నల్లగా పూస్తుందే తప్ప, ఇక్కడ ఒకటుంది అని గుర్తు పెట్టదు. "కొన్ని" అనే ముగింపుకు ఆ గుర్తు కావాలి. రెండుసార్లు పూసినా గుర్తు మాత్రం రాదు. అందుకే ఈ పద్ధతిని అనుసరించే పాఠ్యపుస్తకాలు, "అన్నీ" అనే వాక్యాలు రెండింటి నుంచి "కొన్ని" అనే ముగింపు తీయరాదని ఇంకో నియమం కలుపుతాయి. మొత్తం 256 రూపాల్లో పాత లెక్కన చెల్లేవి 24, కొత్త లెక్కన 15. జారిపోయిన తొమ్మిదిలో డరాప్టి ఒకటి.

అంటే వ్యాప్తి నియమాలు విద్యార్థికి తప్పుదారి చూపలేదు. ప్రతి వర్గంలోనూ కనీసం ఒకటుందన్న పాత నమ్మకం మీద అవి నిలబడ్డాయి, ఆ సంగతి మాత్రం అవి పైకి చెప్పవు. వాడుక భాష కూడా విద్యార్థి వైపే మొగ్గుతుంది. "మా ఊళ్లో బావులన్నీ ఎండిపోయాయి" అన్న మనిషి ఊళ్లో అసలు బావే లేదని తర్వాత తెలిస్తే, విన్నవాళ్లు అతన్ని సత్యవంతుడనరు. బ్యాంకు పరీక్షల కోచింగులో "అన్నీ" నుంచి "కొన్ని" తీయడం మామూలే. అక్కణ్నుంచి వచ్చిన విద్యార్థికి ఈ సున్నా మరీ వింతగా కనిపిస్తుంది.

కనుక "నియమాలన్నీ నెగ్గాయి, కాబట్టి చెల్లుతుంది" అన్నదే ఉత్తరంలో బలహీనమైన వాక్యం. ఆ ఒక్క మాట మీదే ఆగితే ప్రొఫెసర్ ఒక వెన్ బొమ్మ గీసి పంపితే చాలు. తరగతిలో ఆ అదనపు నియమం చెప్పారా, ప్రశ్నపత్రంలో ఏ పద్ధతి పాటించాలో రాశారా అని అడిగితే బలం వస్తుంది. చెప్పి ఉంటే సున్నా న్యాయమే. చెప్పకుండా వ్యాప్తి నియమాలే నేర్పి ఉంటే, ఆ నియమాలతో వచ్చిన జవాబుకు మార్కు దక్కాలి. "గండభేరుండాలు ఉన్నాయి" అన్న మూడో వాక్యం ప్రశ్నలో ఉండి ఉంటే రెండు పద్ధతుల్లోనూ వాదం చెల్లేది, ఉత్తరమే అక్కర్లేకపోయేది.