బ్యాలెన్స్ గడి పట్టించే తప్పు

బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కోసారి కాగితం మీద ముద్రగానో, స్కాన్ చేసిన బొమ్మగానో చేతికొస్తుంది. దాన్ని ఎక్సెల్‌లో వరుసలుగా పెట్టాలంటే అంకెలు చదవడమే పెద్ద పని అనిపిస్తుంది. నిజానికి శుభ్రమైన ముద్ర ఉంటే అంకెలు చదివే సాఫ్ట్‌వేర్లు ఆ పని బాగానే చేస్తాయి. అసలు చిక్కు ఖాళీ గడులతో వస్తుంది. ఒక వరుసలో `700.00` అనీ, దాని పక్కన `43,636.00` అనీ చదివామనుకోండి. రెండోది బ్యాలెన్స్. మొదటిది వచ్చిన డబ్బా, పోయిన డబ్బా? డెబిట్, క్రెడిట్ గడుల్లో ఒకటి సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. ఖాళీని ఏ సాఫ్ట్‌వేరూ అక్షరంగా చదవదు. ఏ గడి ఖాళీగా ఉందో చెప్పేది ఆ అంకె కాగితం మీద కూర్చున్న చోటు మాత్రమే.

అందుకే చదివిన మాటతోపాటు దాని స్థానం కూడా కావాలి. ఉచితంగా దొరికే టెసెరాక్ట్ ఆ రెండూ ఇస్తుంది.

```
tesseract stmt.png out --psm 6 tsv
```

ఇది నడిస్తే `out.tsv` అనే ఫైలు తయారవుతుంది. అందులో ప్రతి మాటకూ ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు పిక్సెళ్లలో ఉంటాయి. ఆ మాటను ఎంత నమ్మకంగా చదివిందో చెప్పే అంకె కూడా పక్కనే ఉంటుంది. స్టేట్‌మెంట్లలో మొత్తాలను సాధారణంగా కుడి అంచుకు సర్ది ముద్రిస్తారు. కాబట్టి `700.00` అయినా, `32,600.00` అయినా ఒకే గడిలో ఉంటే వాటి ఎడమ అంచులు వేరైనా కుడి అంచు దాదాపు ఒకటే. ఎడమ అంచుకు వెడల్పు కలిపి ఆ కుడి అంచును బట్టి గడి నిర్ణయించాలి. ఎడమ అంచును పట్టుకుంటే పెద్ద మొత్తాలు పక్క గడిలోకి జారిపోతాయి.

వరుసలు విడగొట్టేటప్పుడు తేదీని ఆధారం చేసుకోవడం మంచిది. యూపీఐ వివరం తరచు రెండు మూడు లైన్లకు పాకుతుంది. తేదీ లేని లైను కనిపిస్తే అది కొత్త లావాదేవీ కాదు, పై వరుసలోని వివరానికి కొనసాగింపు. ఒకే రోజున జరిగిన లావాదేవీలకు తేదీని ఒక్కసారే వేసే ముద్రలో మాత్రం ఈ సూత్రం పనికిరాదు. అక్కడ బ్యాలెన్స్ గడి నిండి ఉందా అన్నది చూడాలి.

ఇక అంకెలు. `1,25,000.00` లోని కామాలు తీసేసి, రూపాయల్ని పైసల్లోకి మార్చి పూర్ణాంకాలుగా దాచుకోవాలి. దశాంశాలతో కూడికలు చేస్తే కంప్యూటర్ లోపలి ద్విసంఖ్యా లెక్కలో అతి చిన్న శేషాలు మిగులుతాయి. సున్నా రావాల్సిన చోట సున్నాకు కాస్త అటూ ఇటూగా ఏదో ఒకటి వస్తుంది. పైసల్లో ఉంచితే తేడా సున్నా అంటే అచ్చంగా సున్నాయే.

ఇప్పుడు అసలు పరీక్ష. స్టేట్‌మెంట్‌లో ప్రతి వరుసా తన లెక్క సరైనదో కాదో తేల్చే సమాచారాన్ని తనతోనే తెచ్చుకుంటుంది. పై వరుస బ్యాలెన్స్‌లోంచి డెబిట్ తీసేసి, క్రెడిట్ కలిపితే ఈ వరుస బ్యాలెన్స్ రావాలి.

```
diff = bal[i] - (bal[i-1] - debit[i] + credit[i])
```

కొన్ని స్టేట్‌మెంట్లు కొత్త లావాదేవీని పైన, పాతదాన్ని కింద ముద్రిస్తాయి. వాటిని ముందు తిరగేసుకోవాలి. ఊహించిన చిన్న ఉదాహరణ చూద్దాం. ప్రారంభ బ్యాలెన్స్ 18,450.

| తేదీ | వివరం | డెబిట్ | క్రెడిట్ | బ్యాలెన్స్ |
|---|---|---|---|---|
| 03-06 | యూపీఐ | 1,250 | | 17,200 |
| 05-06 | జీతం | | 32,600 | 49,800 |
| 06-06 | ఏటీఎం | 5,000 | | 44,800 |
| 09-06 | కరెంటు బిల్లు | 1,864 | | 42,936 |
| 12-06 | యూపీఐ | | 700 | 43,636 |

కాగితం మీద ఉన్నది ఇది. చదవడంలో కరెంటు బిల్లు 1,864 కాస్తా 1,364 అయిందనుకోండి. మసక ముద్రలో 8కి ఎడమ పక్క చెరిగితే 3లా కనిపించడం మామూలే. అప్పుడు లెక్క ప్రకారం 43,436 రావాలి, కాగితం మీద 42,936 ఉంది. తేడా -500. మిగతా వరుసలన్నీ సున్నా చూపిస్తాయి. తప్పు ఒక్క వరుసకే పరిమితమైంది, తేడా వందల స్థానంలో 5. అంటే ఆ వరుస మొత్తంలోనే వందల అంకె చూడాలి.

ఇలాంటి తప్పే బ్యాలెన్స్‌లో జరిగితే తేడా కనిపించే తీరు మారిపోతుంది. జీతం వరుసలో 49,800 బదులు 49,300 వచ్చిందనుకుందాం. ఆ వరుసలో తేడా -500. దాని కింది ఏటీఎం వరుస ఆ తప్పు అంకెతోనే మొదలవుతుంది కాబట్టి అక్కడ తేడా +500. పక్కపక్కనే ఉన్న రెండు వరుసల్లో ఒకే మొత్తం ఎదురెదురు గుర్తులతో కనిపిస్తే, పై వరుస బ్యాలెన్స్‌నే ముందుగా అనుమానించాలి.

గడి మారితే మరో రకం. చివరి 700 క్రెడిట్‌లో కాక డెబిట్‌లో పడితే లెక్కకు 42,236 వస్తుంది, కాగితం మీద 43,636 ఉంది. తేడా 1,400, అంటే ఆ మొత్తానికి సరిగ్గా రెట్టింపు. ఏటీఎం వరుస మొత్తంగా తప్పిపోతే దాని కింది వరుసలో -5,000 తేలుతుంది. అంటే 5,000 డెబిట్ ఒకటి దొరకలేదు. వేల స్థానంలో ఒక అంకె తప్పు చదివినా ఇదే -5,000 రావచ్చు. ఈ రెండిట్లో ఏదన్నది తేడా ఒక్కటే తేల్చదు, బొమ్మలో ఆ చోటు తెరిచి చూడాల్సిందే.

ఇక్కడ చాలామంది ఒక తేలిక దారి పడతారు. బ్యాలెన్స్ పెరిగితే క్రెడిట్, తగ్గితే డెబిట్ అని ప్రోగ్రాముతోనే గడి నింపించేస్తారు, కొందరు మొత్తాన్ని కూడా అలాగే రాబడతారు. మొత్తాన్నీ అలా రాబడితే ప్రతి వరుసా సున్నా చూపిస్తుంది. కానీ బ్యాలెన్స్‌లోంచి పుట్టించిన అంకెను మళ్లీ బ్యాలెన్స్‌తో సరిచూస్తే అది పరీక్షే కాదు. పైన చూసిన 49,300 ఉన్న వరుసలో జీతం 32,100గా నమోదై, ఏ హెచ్చరికా లేకుండా వెళ్లిపోతుంది. మొత్తం ఒక చోటి నుంచి, బ్యాలెన్స్ వేరే చోటి నుంచి విడివిడిగా చదివినప్పుడే పరీక్షకు విలువ.

అన్ని వరుసలూ న్యాయంగానే సున్నా చూపించినా కొన్ని తప్పులు దాగి ఉండగలవు. వాటిలో నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా తోచేది వంకర స్కాన్. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేసిన ఎ4 కాగితం వెడల్పు సుమారు 2,480 పిక్సెళ్లు. అది ఒక్క డిగ్రీ వాలితే ఎడమ అంచుకూ కుడి అంచుకూ మధ్య ఎత్తులో దాదాపు 43 పిక్సెళ్ల తేడా వస్తుంది. మామూలు సైజు అక్షరాలతో ముద్రించిన స్టేట్‌మెంట్‌లో లైనుకూ లైనుకూ దూరం 50 పిక్సెళ్ల చుట్టుపక్కలే. కాబట్టి ఎత్తును మాత్రమే చూసి వరుసలు కూర్చితే ఎడమ పక్కనున్న తేదీ, కుడి పక్కనున్న వేరే వరుస మొత్తంతో జతపడుతుంది. డెబిట్, క్రెడిట్, బ్యాలెన్స్ మూడూ కుడివైపు దగ్గరదగ్గరగా ఉంటాయి కనుక కలిసే జారతాయి. వాటి మధ్య లెక్క చెడదు. జీతం 3వ తేదీన పడినట్టు, ఏటీఎం నుంచి 5వ తేదీన తీసినట్టు పట్టిక తయారవుతుంది, తేడా మాత్రం సున్నా. పేజీ మొదట్లోనో చివర్లోనో మొత్తం లేని తేదీ, లేదా తేదీ లేని మొత్తం ఒకటి మిగిలిపోయిందేమో చూస్తే ఈ జారుడు దొరుకుతుంది. చదివించే ముందే పట్టిక గీతల వాలు కొలిచి బొమ్మను అంత మేర తిప్పుకుంటే అసలు ఈ తప్పే రాదు.

రెండోది, విఫలమైన యూపీఐ చెల్లింపు. ఒక్కోసారి డబ్బు ఖాతాలోంచి పోయి, వెంటనే అంతే మొత్తం తిరిగి వస్తుంది. ఒక దాని కింద ఒకటి ఉన్న ఈ రెండు వరుసలూ కాగితం మడతలో పడి చదవకుండా పోయాయనుకోండి. పైనున్న బ్యాలెన్స్ కింది వరుసకు చక్కగా అతుకుతుంది. దీన్ని పట్టుకోవాలంటే స్టేట్‌మెంట్ చివర ముద్రించే మొత్తం డెబిట్లు, మొత్తం క్రెడిట్లు ఉన్నాయేమో వెతకాలి. మన వరుసలు కూడితే రెండూ ఒకే మొత్తం మేర తక్కువ వస్తే, తప్పిపోయినవి జంట వరుసలే. లావాదేవీల సంఖ్య కూడా ముద్రించి ఉంటే ఎన్ని జంటలు పోయాయో కూడా తెలిసిపోతుంది.