సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి?

స్లాబు పోసిన మర్నాటి నుంచీ ఇంట్లోవాళ్లు రోజులు లెక్కపెడుతుంటారు. సెంట్రింగ్ అద్దె పెరుగుతుంటుంది, మేస్త్రికి ఆ రేకులు ఇంకోచోట కావాలి. కాంక్రీటు గట్టిపడటానికి మాత్రం రోజులు గడిస్తే చాలదు, తడీ వెచ్చదనమూ ఉండాలి. చలి పెరిగేకొద్దీ సిమెంటుకూ నీటికీ మధ్య జరిగే రసాయన చర్య మందగిస్తుంది.

1973 మార్చి 2న అమెరికాలోని వర్జీనియాలో, బెయిలీస్ క్రాస్‌రోడ్స్ దగ్గర కడుతున్న ఎత్తైన భవనం కూలి 14 మంది కార్మికులు చనిపోయారు. పైన కొత్త స్లాబు పోస్తుండగా, దాని కింది అంతస్తుకు ఊతంగా ఉన్న పోట్లు తొందరపడి తీసేశారు. ఆ కింది స్లాబు వయసు నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల సగటు ఉష్ణోగ్రత 7 డిగ్రీలే.

దీన్ని ఇంజనీర్లు వాడే ఒక లెక్కలో పెట్టి చూద్దాం. రోజు సగటు ఉష్ణోగ్రతకు 10 కలిపి, రోజుల సంఖ్యతో హెచ్చించాలి. అక్కడి స్లాబుకు 17ను నాలుగుతో హెచ్చిస్తే 68. మన దగ్గర 30 డిగ్రీల ఎండల్లో రోజుకు 40 వస్తుంది కాబట్టి రెండు రోజులు నిండకుండానే 68 దాటిపోతుంది. అంటే నాలుగు రోజుల ఆ స్లాబు, మన లెక్కన రెండు రోజుల పసిది. రెండో రోజున పోట్లు లాగేయడానికి మన మేస్త్రి ఎవరూ ఒప్పుకోరు.

మన ఐఎస్ 456 ప్రకారం 4.5 మీటర్ల లోపు స్లాబుకు పోట్లు 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14. బీము తన బరువుతోపాటు స్లాబు బరువూ మోస్తుంది కాబట్టి 6 మీటర్ల దాకా 14 రోజులు, పైన 21. బీము పక్క రేకులు ఏ బరువూ మోయవు, మర్నాడే విప్పొచ్చు. అయితే ఈ గడువులు సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు, 15 డిగ్రీలకు తగ్గని వాతావరణానికి చెప్పినవి. 15 డిగ్రీల్లో ఏడు రోజులంటే మన లెక్కలో 175. చలికాలంలో పాడేరు వైపు సగటు 10 డిగ్రీలకు పడితే అదే 175కి దాదాపు తొమ్మిది రోజులు కావాలి. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ అయితే మొదటి రోజుల్లో ఇంకా నెమ్మది. దానికి నేనైతే చిన్న స్లాబుకు కూడా 14 రోజులు ఉంచమంటాను.

అసలు కొలమానం బలమే. విప్పిన క్షణాన కాంక్రీటుపై పడే ఒత్తిడికి కనీసం రెండింతలు తట్టుకోగలగాలి. అది తెలియాలంటే క్యూబులను స్లాబు పక్కనే, అదే ఎండలో, అదే చలిలో ఉంచి పరీక్షించాలి. ల్యాబులో గోరువెచ్చని తొట్టిలో పెరిగిన క్యూబు చలిలో ఉన్న స్లాబు సంగతి చెప్పలేదు.

మేడ మీద మేడ వేసేటప్పుడు ఇంకో చిక్కు. ఐదంగుళాల పచ్చి స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా తూగుతుంది. ఇంటి స్లాబును మనుషులకూ సామానుకూ కలిపి లెక్కగట్టేది మామూలుగా 200 కిలోలకే. అందుకే పైది పోసేటప్పుడు కింది అంతస్తు పోట్లు కదపకూడదు.

విప్పేటప్పుడు గది మధ్య నుంచి గోడల వైపు రావాలి. బాల్కనీకైతే బయటి అంచు నుంచి లోపలికి. పోట్లు ఒక్కసారిగా తన్నేయకుండా కొద్దికొద్దిగా సడలిస్తూ, అడుగున కట్టిన దారానికి స్లాబు ఎంత దిగుతోందో చూడాలి. దిగడం ఆగకపోతే పోటు వెంటనే తిరిగి బిగించి ఇంజనీరును పిలవాలి.